మేనేజరు మెయిల్లో తప్పు దొర్లితే

చిన్న సంస్థల దగ్గర సరుకు కొన్న కంపెనీ ఎన్ని రోజుల్లో డబ్బు చెల్లించాలని అడిగితే, లెక్కల విభాగంలో పనిచేసేవాళ్లు చాలామంది తడుముకోకుండా ‘45 రోజులు’ అంటారు. అది సగం నిజం. 2006 నాటి ఎంఎస్ఎంఈ అభివృద్ధి చట్టం 15వ సెక్షన్ ప్రకారం, గడువు గురించి రాతపూర్వక ఒప్పందం ఉంటే ఆ గడువులోపు చెల్లించాలి. ఒప్పందంలో ఏం రాసుకున్నా అది 45 రోజులు దాటకూడదు. అసలు ఒప్పందమే లేకపోతే గడువు 15 రోజులే. సరుకును స్వీకరించిన రోజు నుంచి ఈ లెక్క మొదలవుతుంది.

ఈ సగం నిజాన్నే ఒక మేనేజరు పూర్తి నిజంగా రాసి అందరికీ పంపారనుకోండి. ఆ మెయిల్ అందుకున్న జూనియర్ అకౌంటెంట్‌కు అసలు నిబంధన తెలుసు. ఆమె ఏం రాయాలి? ఎవరికి రాయాలి? గొంతులో చెప్పాల్సింది కాగితం మీద పెట్టేసరికి మనలో చాలామంది ఒకటి మరీ కటువుగా రాస్తాం, లేదా అర్థమే కానంత మెత్తగా రాస్తాం. ఈ రెండింటికీ మధ్య ఒక దారి ఉంది. అది నేర్చుకోగల పని. ఈ ఒక్క ఉదాహరణనే పట్టుకుని చివరిదాకా చూద్దాం.

జరిగింది ఇదీ

హైదరాబాద్ శివార్లలో యంత్రాల విడిభాగాలు తయారుచేసే ఒక మధ్యతరహా కంపెనీని ఊహించుకుందాం. జూన్ 2 ఉదయం ఫైనాన్స్ మేనేజరు కొనుగోళ్లు, స్టోర్స్, అకౌంట్స్ విభాగాల్లోని 11 మందికి ఒక మెయిల్ పంపారు. ‘ఎంఎస్ఎంఈ సరఫరాదారులందరికీ చట్టప్రకారం 45 రోజుల గడువు ఉంది. ఆ లెక్కన జూన్ చెల్లింపుల జాబితా రేపు సాయంత్రానికి సిద్ధం చేయండి’ అన్నది అందులోని సారాంశం.

జూనియర్ అకౌంటెంట్ ముందు ఉన్న బిల్లుల్లో ఒకటి బోల్టులు చేసిచ్చే చిన్న వర్క్‌షాపుది. మొత్తం 2,40,000 రూపాయలు. సరుకును మే 26న స్వీకరించారు. మేనేజరు చెప్పిన లెక్కన ఈ బిల్లును జూలై 10 లోపు చెల్లిస్తే చాలు. ఒప్పందం లేకపోతే మాత్రం జూన్ 10 లోపే చెల్లించాలి. ఈ నెల రోజుల తేడాకు వెల ఉంది. ఆలస్యమైతే రిజర్వు బ్యాంకు ప్రకటించే బ్యాంక్ రేటుకు మూడు రెట్లు వడ్డీ కట్టాలని, దాన్ని నెలనెలా చక్రవడ్డీగా లెక్కించాలని అదే చట్టంలోని 16వ సెక్షన్ చెబుతుంది. బ్యాంక్ రేటు 6 శాతం అనుకుంటే వడ్డీ ఏడాదికి 18 శాతం. ఆ ఒక్క బిల్లు మీద, ఒక్క నెలకు 3,600 రూపాయలు. ఆ మెయిల్‌ను నమ్మి 11 మందీ ప్రతి నెలా జాబితాలు తయారుచేస్తే నష్టం ఒక్క బిల్లుతో ఆగదు. అవతల, తనకు రావలసిన డబ్బు కోసం ఆ వర్క్‌షాపు యజమాని నెల రోజులు అదనంగా ఎదురుచూడాలి.

అంటే ఇది సరిదిద్దాల్సిన తప్పే. ఎదుటివాళ్ల తప్పులన్నీ ఇలాంటివి కావు. దాన్ని నమ్మి ఎవరైనా చేయకూడని పని చేసే అవకాశం ఉందా అన్నది మొదటి పరీక్ష. లేకపోతే వదిలేయడమే మర్యాద.

రాసేముందు చూసుకోవలసినవి

గుర్తున్నదాన్ని బట్టి మేనేజరును సరిదిద్దకూడదు. ఆమె ముందు చట్టం పాఠాన్నే తెరవాలి. ఎవరో రాసిన వివరణ చాలదు, 15వ సెక్షన్ చదవాలి. తర్వాత ఆ సరఫరాదారు ‘ఉద్యమ్’ నమోదు పత్రం చూడాలి. ఈ సెక్షన్ రక్షణ సూక్ష్మ, చిన్న సంస్థలకే. మధ్యతరహా సంస్థలు దీని కిందకు రావు. ఆఖరున, అన్నిటికన్నా ముఖ్యంగా, ఆ సరఫరాదారుకు ఇచ్చిన పర్చేజ్ ఆర్డర్లు తీయాలి. అందులో 45 రోజుల్లో చెల్లింపు అని రాసి, ఆ షరతుకు అవతలివాళ్లు ఒప్పుకుని సరుకు ఇచ్చివుంటే, ఆ బిల్లు విషయంలో మేనేజరు చెప్పిందే సరైనది కావచ్చు.

ఇలా చూసినప్పుడు ఆమె జాబితాలోని ముగ్గురు చిన్న సరఫరాదారుల్లో ఒకరికి రాతపూర్వక ఒప్పందం ఉంది, ఇద్దరికి ఫైల్లో ఏమీ కనిపించలేదు అనుకుందాం. ఇప్పుడు ఆమెకు విషయం కచ్చితంగా తెలిసింది. మేనేజరు మాట పూర్తిగా తప్పు కాదు, అది కొందరికే వర్తిస్తుంది. ఈ పరిశీలన వల్ల ఆమె వాక్యం కూడా మారుతుంది. ‘45 కాదు, 15’ అని ముందే రాసేసి ఉంటే తప్పును సరిదిద్దబోయి తనే ఇంకో తప్పు చేసేది. పై అధికారికి ‘నీకూ తెలియదుగా’ అనే అవకాశం ఇచ్చినట్టయ్యేది.

రెండు చెడ్డ ఉత్తరాలు

తొందరలో చేతికొచ్చే మొదటి ఉత్తరం ఇలా ఉంటుంది: ‘సర్, మీరు రాసింది తప్పు. చట్టం ప్రకారం గడువు 15 రోజులే. దయచేసి గమనించగలరు.’ ఇందులో దురుసు మాట ఒక్కటీ లేదు. అయినా చదివినవారికి చురుక్కుమంటుంది. మొదటి వాక్యం మనిషి మీద తీర్పు చెప్పింది. చివరి వాక్యం కలెక్టరాఫీసు సర్క్యులర్‌లాగా పైనుంచి కిందికి దిగింది. ఆధారం లేదు, ఇప్పుడేం చేయాలో లేదు. చదివాక మేనేజరుకు మిగిలేది ఒక్కటే: తను తప్పు చేశానన్న సంగతి.

రెండోది దీనికి పూర్తి విరుద్ధం: ‘సర్, చిన్న డౌట్. మీకు తెలియనిది కాదు. 45 రోజులు అందరికీ వర్తిస్తుందా? ఒకసారి చెప్పగలరా?’ మన ఆఫీసుల్లో ఎక్కువగా కనిపించేది ఇదే. తప్పు చెప్పడానికి అనుమానం వేషం వేయడం మనకు బాగా అలవాటు. ఎదురుగా కూర్చుని మాట్లాడేటప్పుడు ఇది చక్కగా పనిచేస్తుంది. అడిగిన తీరు, ముఖకవళిక, అర నిమిషం మౌనం చూసి ఎదుటివారు ‘ఏదో తేడా ఉంది’ అని గ్రహిస్తారు. మెయిల్లో అవేవీ ఉండవు. మేనేజరు దాన్ని నిజంగానే అనుమానంగా తీసుకుని, ఫోన్లోనే ‘అవును, అందరికీ’ అని రెండు మాటలు కొట్టి పంపిస్తారు. ఇప్పుడు ఆయన అదే తప్పును రెండుసార్లు రాతలో పెట్టినట్టయింది. ఇక సరిదిద్దాలంటే ఆయన సమాధానాన్నే కాదనాలి. మొదటి రోజు ఆయన పరువు కాపాడాలని అడిగిన ప్రశ్న రెండో రోజుకు ఆయన్ని మరింత ఇరుకున పెట్టింది.

‘మీకు తెలియనిది కాదు’ అన్న మాట సంగతీ చూడండి. గౌరవంగా అన్నామనుకుంటాం. రాతలో చదివినప్పుడు ‘తెలిసి కూడా ఇలా రాశారా?’ అన్నట్టు వినిపించే ప్రమాదం ఉంది. ‘పని ఒత్తిడిలో పొరపాటు జరిగి ఉంటుంది’ అనడమూ అంతే. అడగని సాకు ఇవ్వడం అంటే ఎదుటివారిని జాలిగా చూడటం. పెద్దరికం ఒలకబోయడం అంటే గట్టిగా అరవడమే కాదు, ఇలాంటి జాలి కూడా.

పెనెలోపి బ్రౌన్, స్టీఫెన్ లెవిన్‌సన్ అనే పరిశోధకులు మర్యాద భాష ఎలా పనిచేస్తుందో చెబుతూ 1987లో వెలువరించిన పుస్తకం ఈ రంగంలో చాలా ప్రసిద్ధం. వారు ఉదాహరణలు తీసుకున్న మూడు భాషల్లో ఒకటి ఇంగ్లీషు, ఒకటి మెక్సికోలోని చెల్తాల్, మూడోది మన పొరుగున కోయంబత్తూరు జిల్లాలోని ఒక గ్రామంలో మాట్లాడే తమిళం. ఎదుటివారి పరువుకు ఇబ్బంది కలిగించే మాట చెప్పాల్సి వచ్చినప్పుడు మనుషులు ఎంచుకునే మార్గాలను వారు వరుసగా పేర్చారు. వాటిలో సూటిగా చెబుతూనే పరువు కాపాడటం ఒకటి, సూచనగా అని తప్పుకోవడం మరొకటి. సూచనలో ఉన్న సౌకర్యం ఏమిటంటే, ‘నేను అలా అనలేదే’ అనుకునే వీలు ఇద్దరికీ ఉంటుంది. సరిగ్గా ఆ సౌకర్యమే ఇక్కడ దోషం. బోల్టుల బిల్లు గడువు జూన్ 10న ముగుస్తున్నప్పుడు ఆ మాట అర్థం కాకుండా జారిపోయే వీలు ఉండకూడదు. కాబట్టి మెయిల్లో విషయం సూటిగానే ఉండాలి. మర్యాదను వేరేచోట చూపాలి.

పంపదగిన ఉత్తరం

ఆ ‘వేరేచోట’ ఏమిటో చూపే ఉత్తరం ఇది. ఇంగ్లీషులో రాసుకునే ఆఫీసుల్లోనైనా అమరిక ఇదే.

‘సర్, జూన్ చెల్లింపుల జాబితా తయారుచేస్తుంటే గడువు దగ్గర ఒక విషయం తేలింది. 45 రోజుల వరకు గడువు రాతపూర్వక ఒప్పందం ఉన్న సరఫరాదారులకు వర్తిస్తుంది. ఒప్పందం లేనివారికి 15వ సెక్షన్‌లో 15 రోజులే ఉంది. సెక్షన్ ప్రతి జతచేశాను. నా జాబితాలోని ముగ్గురిలో ఇద్దరికి ఫైల్లో ఒప్పందం కనిపించలేదు. అందులో బోల్టుల బిల్లుకు ఈ లెక్కన జూన్ 10 ఆఖరు తేదీ అవుతుంది. వారి ఒప్పందాలు మీ దగ్గర ఉంటే చెప్పండి, వాటిలోని గడువే వేస్తాను. లేకపోతే, అందరికీ పంపడానికి ఈ వాక్యం సరిపోతుందేమో చూడండి: “రాతపూర్వక ఒప్పందం ఉన్న సూక్ష్మ, చిన్న సరఫరాదారులకు ఒప్పందంలోని గడువు (45 రోజులు మించకుండా), ఒప్పందం లేనివారికి 15 రోజులు పాటించి జాబితా తయారుచేయండి.” రేపు మధ్యాహ్నానికి మీ నిర్ణయం తెలిస్తే జాబితా దాని ప్రకారం ఇస్తాను.’

ఈ ఉత్తరంలో ‘తప్పు’ అన్న మాట లేదు, ‘క్షమించండి’ అన్న మాటా లేదు. అయినా ఏది తప్పో, ఏది ఒప్పో ఎలాంటి సందేహం లేకుండా తెలుస్తుంది. దీన్ని ఒక్కో మెట్టుగా చూద్దాం.

మొదటి వాక్యం పనితో మొదలైంది. మీ మెయిల్‌ను పరీక్షించాను అనకుండా, మీరు చెప్పిన పని చేస్తుండగా ఇది ఎదురైంది అని చెబుతోంది. అది నిజం కూడా. ఇద్దరూ ఒకే జాబితా కోసం పనిచేస్తున్నవాళ్లని ఆ వాక్యం గుర్తుచేస్తుంది.

రెండో వాక్యం మేనేజరు చెప్పినదాంట్లో నిజమున్న భాగాన్ని దాని చోట నిలబెట్టింది. 45 రోజులన్నది ఆయన కల్పించినది కాదు, చట్టంలో ఉన్న అంకే. ఎక్కడ వర్తిస్తుందో చెబితే, మిగతా చోట వర్తించదన్నది దానంతటదే తెలుస్తుంది. ఇది పొగడ్త కాదు, ఓదార్పు కాదు, నిజాన్ని పూర్తిగా చెప్పడమే. తప్పు ఎలా పుట్టిందో తెలిస్తే తప్పు చేసినవారు మూర్ఖుడిలా కనిపించరు.

వాక్యాల్లో క్రియలు గమనించండి. ‘మీరు అందరికీ 45 రోజులని రాశారు’ అనడానికి బదులు ‘సెక్షన్‌లో 15 రోజులే ఉంది’ అని ఉంది. తెలుగులో ‘రాశారు’, ‘చెప్పారు’ అనగానే ఆ క్రియ వేలు పెట్టి మనిషిని చూపిస్తుంది. ‘ఉంది’, ‘వర్తిస్తుంది’, ‘తేలింది’ అన్నవి కాగితాన్ని చూపిస్తాయి. ఇక్కడ పోలిక మేనేజరుకూ ఉద్యోగికీ మధ్య కాదు, చట్టానికీ జాబితాకూ మధ్య. సెక్షన్ ప్రతి జతచేయడంలో ఉద్దేశం కూడా అదే. ఆయన ఆమె మాటకు తలొంచాల్సిన పని లేదు, సెక్షన్ చదివి తనే తేల్చుకోవచ్చు.

ఒప్పందాలు మీ దగ్గర ఉంటే చెప్పండి అన్నది వేషం వేసిన డౌట్ కాదు, నిజమైన ప్రశ్న. ఫైల్లో లేని ఒప్పందం మేనేజరు బీరువాలో ఉండవచ్చు. ఆమెకు తెలియనిది అదొక్కటే, ఆమె అడిగింది కూడా అదొక్కటే. జవాబు తెలిసిన సంగతిని అడగడం నటన అవుతుంది. తెలియనిదాన్ని అడగడం వినయం అవుతుంది. రాతలో ఈ తేడా కచ్చితంగా బయటపడుతుంది.

ఇక అన్నిటికన్నా విలువైనది ఆ సిద్ధంగా ఉన్న వాక్యం. తప్పు పట్టినవారు ఎప్పుడూ ఎదుటివారి నెత్తిన అదనపు పని పెడతారు: చదవాలి, ఆలోచించాలి, సర్దిచెబుతూ మళ్లీ రాయాలి. ఆ పని చేసిపెడితే మేనేజరుకు మిగిలేది దాన్ని తన పేరుతో పంపడమే. ‘జూన్ చెల్లింపుల గడువు: సవరణ’ అని ఆయనే 11 మందికీ పంపుకోవచ్చు. సవరణ ఆయన చేతి మీదుగా వెళ్తే అది ఆయన శ్రద్ధగా కనిపిస్తుంది. ఆమె పంపితే అదే సవరణ ఆయన పొరపాటుగా కనిపిస్తుంది.

ఆ వాక్యంలో చిన్న సంగతి ఒకటి దాగి ఉంది. మేనేజరు ‘ఎంఎస్ఎంఈ సరఫరాదారులందరికీ’ అని రాశారు. మధ్యతరహా సంస్థలకు ఈ సెక్షన్ వర్తించదు కాబట్టి అదీ సరికాదు. ఆమె ఆ ప్రస్తావన తేలేదు. సవరణ వాక్యంలో ‘సూక్ష్మ, చిన్న’ అని సరైన మాట పెట్టి ఊరుకుంది. మధ్యతరహా సంస్థలకు 45 రోజుల్లో చెల్లిస్తే చట్టరీత్యా నష్టమేమీ లేదు. ఒక ఉత్తరంలో ఒక్క తప్పే, అదీ పనిని మార్చేదే ఉండాలి. రెండోది కలిపితే విషయం మీది నుంచి దృష్టి పోయి, ‘మీకు ఎన్ని తెలియవో చూడండి’ అనే జాబితా తయారవుతుంది.

ఎవరికి, ఎక్కడ

ఉత్తరం ఎంత చక్కగా రాసినా ‘రిప్లై ఆల్’ నొక్కితే చేసిన శ్రమంతా వృథా. 11 మంది ముందు చెప్పిన మంచి మాట కూడా పదిమందిలో పరువు తీసినట్టే. ఆయన మెయిల్‌కే జవాబుగా, ఆయనకొక్కరికే పంపాలి. ఇంకెవరినైనా ‘సీసీ’లో పెడితే అది సాక్షిని వెంటబెట్టుకుని వెళ్లడం. ‘బీసీసీ’లో పెడితే సాక్షిని తలుపు చాటున నిలబెట్టడం. విషయం పంక్తిలో ‘తప్పు’, ‘పొరపాటు’, ‘అర్జెంట్ కరెక్షన్’ లాంటి మాటలు పెట్టకూడదు. మీటింగ్‌లో ఆయన ల్యాప్‌టాప్ తెర గోడ మీద కనిపిస్తున్నప్పుడే ఆ పంక్తి మూలన మెరవవచ్చు. వాట్సాప్ గ్రూపులో వచ్చిన తప్పుకూ ఇదే వర్తిస్తుంది. గ్రూపులో జవాబివ్వకుండా ఆయన నంబరుకు విడిగా పంపాలి.

సమయం కూడా మర్యాదలో భాగమే. మిగతా పదిమంది జాబితాలు మొదలుపెట్టక ముందే చెబితే ఒక్క సవరణతో పోతుంది. జాబితాలు అందాక చెబితే పదిమంది చేసిన పని ఆయన వల్ల వృథా అయినట్టు లెక్క. పూటలోపు ఆయన మెయిల్ చూడకపోతే, ‘సర్, గడువు గురించి ఒక మెయిల్ పంపాను, జాబితాలకు ముందు చూస్తే బాగుంటుంది’ అని ఫోన్లో ఒక మాట చెబితే సరిపోతుంది. వివరమంతా ఫోన్లో వల్లించనక్కర్లేదు.

వినకపోతే

ఆయన ‘ఇన్నాళ్లూ 45 రోజులే చేస్తున్నాం, అదే చేయండి’ అని రాస్తే? అప్పుడు సెక్షన్ గురించి మళ్లీ వాదించకూడదు. చర్చను నియమం మీది నుంచి ఒక్క బిల్లు మీదికి తేవాలి: ‘సరే సర్, జాబితా అలాగే ఇస్తున్నాను. బోల్టుల బిల్లు ఒక్కటి మాత్రం, ఒప్పందం కనిపించలేదు కాబట్టి, జూన్ 10 లోపు చెల్లించమంటారా? ఆడిటర్‌ను ఒకసారి అడిగితే మిగతావాటికీ స్పష్టత వస్తుంది.’ ఆయన తన మాట వెనక్కి తీసుకోకుండానే సరైన పని చేసే దారి ఇది. ఆడిటర్ చెబితే మార్చుకోవడంలో ఎవరికీ చిన్నతనం ఉండదు. అప్పటికీ కాదంటే ఆమె చేయగలిగినది చేసింది. ఆ ఉత్తరాలు ఫైల్లో ఉంటాయి. వాటిలో కోపం, వెక్కిరింత లేకపోవడం ఆ రోజు అందరికీ మేలు చేస్తుంది.

ఈ పద్ధతికి హద్దులున్నాయి. మేనేజరు అందరికీ పంపిన మెయిల్లో బ్యాంకు ఖాతా నంబరు తప్పుగా ఉండి, అవతల క్యాషియర్ డబ్బు పంపబోతుంటే విడిగా మెయిల్ రాస్తూ కూర్చోకూడదు. ‘ఆ ఖాతాకు ఇంకా పంపకండి, నంబరు సరిచూస్తున్నాం’ అని అందరికీ చెప్పాలి. అక్కడ కూడా ఎవరు తప్పు రాశారన్న మాట అవసరం లేదు. షాపు ఫ్లోర్‌లో ప్రాణాపాయం ఉన్న సూచనలకూ ఇదే వర్తిస్తుంది. అలాగే, ఇది వాస్తవాల్లోని తప్పులకే పనికొస్తుంది. ఏ సరఫరాదారుకు ముందు చెల్లించాలన్నది మేనేజరు నిర్ణయం. దానితో మీకు ఏకీభావం లేకపోవచ్చు, కానీ దాన్ని సెక్షన్ జతచేసి సరిదిద్దలేరు. అభిప్రాయాన్ని వాస్తవంలా చూపించి ఉత్తరం రాస్తే, రేపు నిజంగా వాస్తవం చెప్పినప్పుడు కూడా ఎవరూ నమ్మరు.

మేనేజరు ఆ సాయంత్రమే సవరణ పంపి, అందులో మీ పేరు ఎత్తకపోవచ్చు. ‘థాంక్యూ సర్, నేను చెప్పినట్టే’ అని జవాబివ్వకండి. మీరు సరిదిద్దాలనుకున్నది గడువును, అది సరైంది. తర్వాతి మెయిల్ పంపే ముందు మూడు విషయాలు సరిచూసుకోండి: ఆధారం జతచేశానా, తప్పు వల్ల మారే పని ఏమిటో ఒక్క వాక్యంలో చెప్పానా, ఆయన పంపడానికి వీలుగా సరైన వాక్యం ఇచ్చానా. ఈ మూడూ ఉంటే పంపండి. ఒక్కటి లేకపోయినా ఇంకో పది నిమిషాలు ఆగి రాయండి.